వెన్న కాచే పద్ధతి – కార్తీక్‌కి అమ్మమ్మ ఉత్తరం

కొల్లిపర,
18 జనవరి 2025

చిరంజీవి కార్తీక్‌ని అమ్మమ్మ దీవించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తాతయ్యకి మోకాలి నొప్పి కాస్త తగ్గింది, పొద్దున్నే కరకట్ట దాకా నడిచొస్తున్నారు. కొలంబస్‌లో మంచు బాగా పడుతోందని మీ అమ్మ చెప్పింది. చెవులకి కట్టుకోకుండా బయటికెళ్ళకు.

నెయ్యి కాచడం ఫోన్లో చెబితే గుర్తుండట్లేదు, రాసి పంపు అమ్మమ్మా అన్నావు కదా. అన్నీ వివరంగా రాస్తున్నా. మీ అమ్మ ఫోటో తీసి వాట్సాప్‌లో పెడుతుంది. ముందు ఉత్తరం మొత్తం ఒకసారి చదువు, ఆ తర్వాతే పొయ్యి దగ్గరికి వెళ్ళు. గిన్నె పొయ్యి మీద ఉండగా చదువుకుంటూ కూర్చోవడం కుదరదు.

అక్కడ కొన్న సీసా నెయ్యికి వాసనే లేదన్నావు. ఎందుకుంటుంది నాన్నా! మనింట్లో రోజూ పాల మీద మీగడ తీసి పెరుగులో వేస్తాం. నాలుగు రోజులు పులిశాక కవ్వంతో చిలికి, వచ్చిన వెన్నని చల్లటి నీళ్ళలో రెండు మూడుసార్లు కడుగుతాం. ఆ పులుపు పట్టిన వెన్న కాగితేనే వీధి చివరికి వాసన వస్తుంది. కొట్లో దొరికే వెన్న చాలావరకు తియ్యటి మీగడ నుంచే తీస్తారు, తోడు తగలదు. అందుకని వెన్న కొనేటప్పుడు పొట్లం మీద ‘కల్చర్డ్’ అని ఉందేమో చూడు. అంటే మీగడకి తోడు పెట్టి తీసినదన్న మాట. అది కాస్త ఖరీదు, అయినా మన వాసనకి దగ్గరగా ఉంటుంది. అది దొరక్కపోతే మామూలు వెన్నే తెచ్చుకో, దాన్నీ సరిగ్గా కాచితే సీసా నెయ్యి కంటే ఎన్నో రెట్లు నయం. ఏది కొన్నా ‘అన్‌సాల్టెడ్’ అని రాసి ఉండాలి. ఉప్పు వెన్న కాచావంటే ఉప్పంతా అడుగున వేగి మిగిలే గసిలోకి దిగి నోట్లో పెట్టుకోనివ్వదు.

రంగు చూసి కంగారుపడకు. మనది గేదె వెన్న, తెల్లగా ఉంటుంది. అక్కడిది ఆవు వెన్న, పసుపుపచ్చగా ఉంటుంది, నెయ్యి కూడా బంగారం రంగులోనే వస్తుంది.

అక్కడ వెన్న పౌను డబ్బాలో నాలుగు కడ్డీలుగా వస్తుందని నువ్వే చెప్పావు. మొత్తం 454 గ్రాములు. మొదటిసారికి ఆ ఒక్క డబ్బా చాలు. వెన్నలో నూటికి ఇంచుమించు 80 వంతులే కొవ్వు. మిగతాదంతా నీళ్ళు, కొంచెం పాల పదార్థం. నువ్వు చేయాల్సిందల్లా ఆ నీళ్ళని పోగొట్టి, పాల పదార్థాన్ని దోరగా వేయించడం. అందుకే డబ్బా వెన్నకి 350 గ్రాముల పైచిలుకు నెయ్యే దిగుతుంది. తగ్గిందేమిటని బెంగపడకు.

గిన్నె సంగతి ముఖ్యం. అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నె తీసుకో. నీ దగ్గరున్న నల్ల నాన్‌స్టిక్ పెనంలో వద్దు, గసి ఏ రంగుకి వచ్చిందో అందులో కనిపించదు. గిన్నె పెద్దదిగా ఉండాలి, వెన్న సగానికి మించకూడదు. నురగ పొంగి పొయ్యి మీద పడితే మంటలు లేస్తాయి. గిన్నె, గరిటె, వడకట్టు, గాజు సీసా అన్నీ పొడిగుడ్డతో తుడిచి, ఒక్క చుక్క తడి లేకుండా పక్కన పెట్టుకో.

ఇక కాచడం. వెన్నని ముక్కలు చేసి గిన్నెలో వేసి, మధ్యస్థం కంటే కాస్త తక్కువ సెగ మీద పెట్టు. త్వరగా కరగాలని సెగ పెంచకు. కరిగాక పైన తెల్లటి నురగ కడుతుంది, కింద నుంచి చిటపటలాడుతూ ఉడుకుతుంది. ఆ చప్పుడు నీళ్ళది. నీళ్ళు ఉన్నంతసేపూ అది ఆగదు. కొందరు ఆ నురగని గరిటెతో తీసి పారేస్తారు, నువ్వు తీయకు. అందులో ఉన్న పాల పదార్థమే అడుక్కి దిగి వేగి నెయ్యికి వాసన ఇస్తుంది. అప్పుడప్పుడు అడుగు తగిలేలా మెల్లగా కలుపు, అంతే.

పదిహేను ఇరవై నిమిషాలకి చప్పుడు సన్నబడుతుంది. ఇక్కణ్ణుంచి గిన్నె వదిలి కదలకూడదు. ఫోన్ మోగినా, తలుపు కొట్టినా సరే. పెద్ద బుడగలు పోయి సన్నటి బుడగలు వస్తాయి, నెయ్యి తేరుకుంటుంది. నురగని గరిటెతో పక్కకి జరిపితే అడుగు కనిపించాలి. అక్కడ తెల్లటి పలుకులు మొదట మీగడ రంగుకి, తర్వాత లేత ఎరుపుకి తిరుగుతాయి. అదే సమయానికి ఇంకోసారి సన్నటి నురగ పైకి లేస్తుంది. చిటపటలు పూర్తిగా ఆగిపోయి, వాసన వెన్న వాసన నుంచి నేతి వాసనకి మారుతుంది. ఆ మార్పు నీకు తెలుస్తుందిరా. చిన్నప్పుడు మన వంటింట్లో నెయ్యి కాగుతుంటే దొడ్లో ఆడుకుంటున్నవాడివి గిన్నె పట్టుకుని వచ్చేవాడివి కదా, ఆ వాసనే. గడియారం చూసి దించకు, చెవినీ ముక్కునీ నమ్ముకో. సెగని బట్టి, గిన్నెని బట్టి నిమిషాలు మారిపోతాయి, ఈ గుర్తులు మారవు.

ఆ లేత ఎరుపు రంగు రాగానే దించెయ్యాలి. మీది కరెంటు పొయ్యి కదా, మీట ఆపినా కాసేపు ఎర్రగా మండుతూనే ఉంటుంది. ఆపేసి గిన్నె దాని మీదే వదిలేస్తే నెయ్యి మాడిపోతుంది. వెంటనే ఎత్తి చల్లగా ఉన్న ఇంకో పొయ్యి మీదకో చెక్క పీట మీదకో మార్చు. గిన్నె వేడికే గసి ఇంకాస్త ఎరుపెక్కుతుంది, అందుకే ఒక ఛాయ ముందే దించమనేది.

మనం దించేటప్పుడు మునగాకు వేస్తాం. అక్కడ ఇండియన్ కొట్లో దొరికితే నాలుగు రెబ్బల ఆకు దూసి, కడిగి, గుడ్డ మీద బాగా ఆరబెట్టి వెయ్యి. తడి ఆకు వేశావంటే వేడి నెయ్యి చిమ్మి చేతుల మీద పడుతుంది, జాగ్రత్త. ఆకు కరకరలాడాక అన్నంలో నంజుకుంటే ఎంతో బాగుంటుంది. తమలపాకు ముక్క వేసుకునే వాళ్ళున్నారు, నాలుగు మెంతిగింజలు వేసుకునే వాళ్ళున్నారు. ఏదీ లేకపోయినా నెయ్యికి లోటేమీ లేదు.

పది నిమిషాలు కదపకుండా ఉంచితే గసి అడుక్కి దిగుతుంది. గోరువెచ్చగా అయ్యాక సన్నటి స్టీలు వడకట్టులోంచి గాజు సీసాలోకి వంపు. మరుగుతుండగా పోస్తే సీసా పగులుతుంది, ప్లాస్టిక్ డబ్బాలో అసలే పోయకు. పూర్తిగా చల్లారేదాకా మూత పెట్టకు, ఆవిరి మూతకి పట్టి నీళ్ళై నెయ్యిలోకి జారుతుంది. నీళ్ళు చేరితే నెయ్యి నిలవుండదు.

పూస కట్టాలని నీకు ఆశ కదా. దానికి నెయ్యి నెమ్మదిగా చల్లారాలి. ఫ్రిజ్‌లో పెడితే ముద్దలా గడ్డకట్టేస్తుంది గానీ పూస రాదు. ఆ చలిలో కిటికీ పక్కన పెట్టకు. సీసా చుట్టూ మందపాటి తువ్వాలు చుట్టి, వంటగదిలో వెచ్చగా ఉన్న మూల రాత్రంతా కదపకుండా వదిలెయ్యి. తెల్లారి చూస్తే కింద పూస, పైన కాస్త తేట ఉంటుంది. ఆవు నెయ్యికి పూస సన్నగానే వస్తుంది, మన గేదె నెయ్యంత లావుగా రాదు.

తర్వాత ఫ్రిజ్ అక్కర్లేదు. పొడి చెంచాతో తీసుకుంటే బయట ఉన్నా రెండు నెలల పైనే ఉంటుంది. నీ గదిలో ఉండే పిల్లలకి కూడా చెప్పు, అన్నం తింటున్న చెంచా సీసాలో ముంచొద్దని. అసలు సీసాకి ఒక చిన్న చెంచా వేరే పెట్టు.

ఒకవేళ చల్లారాక కూడా వెన్న వాసనే వస్తుంటే కాగడం చాల్లేదన్న మాట. మళ్ళీ గిన్నెలో పోసి సన్న సెగ మీద చప్పుడు ఆగేదాకా పెట్టు, ఏం కాదు. గసి నల్లబడి చేదు వాసన వస్తే మాత్రం దానికి విరుగుడు లేదు. వడకట్టి దేవుడి దీపానికి వాడుకో, తినకు.

ఇంకోమాట, ఇది గట్టిగా గుర్తు పెట్టుకో. గిన్నెలో మంట అంటుకుంటే నీళ్ళు పొయ్యకూడదు, మంట ఎగిరి ఇల్లంతా అంటుకుంటుంది. పొయ్యి ఆపి గిన్నె మీద మూత బోర్లించు. సరిపోయే మూత పక్కనే పెట్టుకునే మొదలుపెట్టు. పొగకి కూసే యంత్రం ఉందన్నావుగా మీ ఇంట్లో, ముందే పొయ్యి మీద ఫ్యాను వేసుకో.

గసి పారెయ్యకురా. మిగిలిన నేతి జిడ్డుతో సహా ఆ గిన్నెలోనే వేడి వేడి అన్నం వేసి, చిటికెడు ఉప్పు చల్లి కలుపుకో. తియ్యగా కావాలంటే బెల్లం తురిమి కలుపు. మీ అమ్మా, పిన్నీ ఆ గిన్నె కోసం కొట్టుకునేవాళ్ళు. మిగిలిందేమైనా ఉంటే పుల్కా పిండిలో వేసి పిసుకు, మెత్తగా వస్తాయి. గిన్నె కడిగేటప్పుడు జిడ్డు ముందు కాగితంతో తుడిచేసి చెత్తలో వెయ్యి. సింకులో పోస్తే ఆ చలికి గొట్టంలో గడ్డకట్టుకుపోతుంది.

మొన్న పండక్కి తెచ్చిన పాత కందిపప్పు, కొత్త గోంగూర పచ్చడి, వేసంగిలో పెట్టిన ఆవకాయ ఫిబ్రవరిలో వచ్చే మీ స్నేహితుడి చేత పంపిస్తున్నా. ముద్దపప్పుకి పప్పు దోరగా వేయించి మెత్తగా ఉడికించు, పసుపు తప్ప ఇంకేం వెయ్యకు. ఆవకాయతో కలిపి మొదటి ముద్దకే నెయ్యి ధారాళంగా వేసుకో. చదువుకునే పిల్లాడివి, నెయ్యి దగ్గర లెక్క చూసుకోకు.

వచ్చే ఆదివారం కాచు, సెలవు కాబట్టి తీరిగ్గా ఉంటావు. గిన్నె పొయ్యి మీద పెట్టే ముందు వీడియో కాల్ చెయ్యి, ఇక్కడ రాత్రయినా సరే మేలుకునే ఉంటాను. గిన్నె కనిపించేట్టు ఫోన్ నిలబెట్టు. చిటపటలు నాకూ వినపడాలి, ఎప్పుడు దించాలో చెప్తాను.

తాతయ్య ఆశీస్సులు. మీ రూములో పిల్లలందరినీ అడిగానని చెప్పు.

ఇట్లు
మీ అమ్మమ్మ