చైతూ, మొదటి నెల ప్లాన్ ఇదిరా

చైతూ, ఉద్యోగం పోయిందని చెప్పి నిన్న ఫోన్లో "అక్కా, ఇప్పుడు ఏం చెయ్యాలి" అని నాలుగైదు సార్లు అడిగావు. నోటితో చెబితే సగం మర్చిపోతావని రాత్రి కూర్చుని ఇదంతా రాశాను. ఒక్కడివే చదవకు, స్వాతిని పక్కన కూర్చోబెట్టుకుని చదువు. పేరోల్‌లో ఇన్నేళ్లుగా పనిచేస్తున్నాను కాబట్టి చాలామంది ఫైనల్ సెటిల్‌మెంట్లు చూశాను. డబ్బు తక్కువైనవాళ్ల కంటే విషయాన్ని దాచుకున్నవాళ్లే ఎక్కువ దెబ్బతిన్నారు. భార్యకి, బ్యాంకుకి, పాత స్నేహితులకి చెప్పకుండా రెండు నెలలు గడిపేస్తారు, ఆ తర్వాత చెప్పినా చేతిలో టైమ్ ఉండదు. ఈ ప్లాన్ మొత్తానికీ ఆధారం ఒకటే, ఎవరికి ఏది ఎప్పుడు చెప్పాలో అప్పుడే చెప్పేయడం.

మొదటి రెండు రోజులు: కాగితాలు

నీ లాస్ట్ వర్కింగ్ డే నెలాఖరు అన్నారు కదా, లాగిన్ మాత్రం ఆ రోజే తీసేశారు. కాబట్టి రేపు పొద్దున్నే నీ సొంత మెయిల్ నుంచి హెచ్‌ఆర్‌కి రాయి. గత ఏడాది పేస్లిప్పులు, ఫారం 16, రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్, ఫుల్ అండ్ ఫైనల్ లెక్క ఎప్పటికి వస్తాయో తేదీలతో అడుగు. ఫోన్ చేసి అడగొద్దు, మెయిల్ ఉంటేనే రేపు చూపించుకోవచ్చు. రాజీనామా లెటర్ రాసివ్వమంటే వెంటనే ఒప్పుకోకు. పొజిషన్ తీసేశామని వాళ్లే రాసిన మెయిల్ నీ దగ్గర ఉంది, అదే నీకు మేలు. సంతకం పెట్టమని ఏ కాగితం ఇచ్చినా ఒక రోజు టైమ్ తీసుకుని నాకు పంపు, నేను చదువుతాను.

గ్రాట్యుటీ సంగతి నువ్వు అసలు ఎత్తలేదు! ఐదేళ్లు దాటితే వస్తుంది, నీకు ఆరేళ్ల ఏడు నెలలు. ఆరు నెలలు దాటిన భాగాన్ని పూర్తి ఏడాదిగా లెక్కేస్తారు కాబట్టి ఏడేళ్లు. బేసిక్ 45,000 అన్నావు, దాన్ని 15తో గుణించి, 26తో భాగించి, మళ్లీ ఏడుతో గుణిస్తే లక్షా 81 వేల పైచిలుకు. దీన్ని 30 రోజుల్లో ఇవ్వాలని చట్టమే చెబుతోంది. సెటిల్‌మెంట్ షీట్‌లో ఆరేళ్లే వేశారేమో చూడు, ఒక్క ఏడాది తేడా అంటే దాదాపు 26 వేలు.

పీఎఫ్ మాత్రం ముట్టుకోవద్దు. విత్‌డ్రా చెయ్యమని చెప్పేవాళ్లు చాలామంది వస్తారు. కొత్త కంపెనీలో చేరాక ట్రాన్స్‌ఫర్ చేసుకుంటే సరిపోతుంది. ఇప్పుడు చెయ్యాల్సిందల్లా యూఏఎన్‌లో లాగిన్ అయి ఆధార్, పాన్, బ్యాంకు ఖాతా సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడం, పాత కంపెనీ ఎగ్జిట్ డేట్ వేసిందో లేదో నెలాఖరు తర్వాత ఒకసారి చూడటం. వాళ్లు వెయ్యకపోతే చివరి పీఎఫ్ జమ అయిన రెండు నెలల తర్వాత నువ్వే వేసుకోవచ్చు.

ఇంకొకటి అర్జెంటు. కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ లాస్ట్ వర్కింగ్ డేతో ఆగిపోతుంది. అందులో నాన్నగారు కూడా ఉన్నారు, ఆయనకి షుగర్. అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మారితే ఇప్పటిదాకా గడిచిన వెయిటింగ్ పీరియడ్ కలిసొచ్చే అవకాశం ఉంటుంది, కొత్తగా తీసుకుంటే మళ్లీ మొదటికొస్తుంది. అందుకే నెలాఖరు లోపలే అడగాలి. ఇది ఈ వారమే చెయ్యి, మిగతావి ఒక రోజు అటూ ఇటూ అయినా పరవాలేదు.

మొదటి వారం: డబ్బు లెక్క

నువ్వు చెప్పిన అంకెలతోనే లెక్క వేశాను. సేవింగ్స్ 2 లక్షల 10 వేలు, ఎఫ్‌డీ 3 లక్షలు, టాక్స్ పోను సెవరెన్స్, లీవు డబ్బులు కలిపి 2 లక్షల 30 వేలు. మొత్తం 7 లక్షల 40 వేలు. చేతికి వచ్చేదాకా గ్రాట్యుటీని ఇందులో కలపొద్దు. ఇందులోంచి లక్షన్నర ఆసుపత్రి ఖర్చుకని పక్కన పెట్టేయండి, అది లేదనే అనుకోండి. మిగిలింది 5 లక్షల 90 వేలు.

నెల ఖర్చు ఇలా ఉంటుంది: బాచుపల్లి ఫ్లాట్ ఈఎంఐ 38,000, కారు ఈఎంఐ 11,500, ఇంటి సరుకులు, పాలు, కూరగాయలు, గ్యాస్ 17,000, పాప స్కూలు, వ్యాను 9,000, తెనాలికి పంపేది 8,000, కరెంటు, మెయింటెనెన్స్, నెట్, పెట్రోలు 7,000, కొత్త హెల్త్ పాలసీ 2,500. మొత్తం 93,000. స్వాతి జీతం 22,000 తీసేస్తే నెలకి 71,000 మన డబ్బులోంచి పోతుంది. అంటే ఎనిమిది నెలలు ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా గడుస్తుంది. ఈ ఎనిమిది అనే అంకెని ఫ్రిజ్ మీద అంటించుకోండి. అర్ధరాత్రి మెలకువ వచ్చి "ఇల్లు పోతుందేమో" అనిపించినప్పుడు నీకు పనికొచ్చేది అదే.

సిప్ 10,000 మూడు నెలలు పాజ్ చెయ్యి, అమ్మెయ్యొద్దు. టర్మ్ ఇన్సూరెన్స్ మాత్రం ఆపనే ఆపొద్దు. క్రెడిట్ కార్డులో ఉన్న 46,000 ఈ నెలే పూర్తిగా కట్టెయ్. మినిమమ్ డ్యూ కట్టుకుంటూ పోతే నెలకి మూడు, మూడున్నర శాతం వడ్డీ పడుతుంది, అంత వడ్డీ మన ఊళ్లో వడ్డీ వ్యాపారి కూడా అడగడు. ఇది కట్టాక ఎనిమిది నెలలకి ఓ పది రోజులు తగ్గుతాయి, తగ్గనీ. ఓటీటీలు, వీకెండ్ బయట తిండి సంగతి మీరిద్దరూ తేల్చుకోండి, నేను మధ్యలోకి రాను. పాప డాన్స్ క్లాసు మాత్రం ఉంచండి.

బ్యాంకుకి ఇప్పుడే వెళ్లాల్సిన అవసరం లేదు. కానీ ఆరో నెలకి కూడా ఉద్యోగం రాకపోతే, ఈఎంఐ తప్పకముందే బ్రాంచికి వెళ్లి మాట్లాడాలి, తప్పాక కాదు. ఆ తేదీ ఇప్పుడే క్యాలెండర్‌లో రాసిపెట్టు. ఇన్‌స్టంట్ లోన్ యాప్‌ల జోలికి మాత్రం వెళ్లకు, నా మీద ఒట్టు.

మనసు సంగతి

ఈ ఆదివారం తెనాలి ఫోన్ చేసి అమ్మకీ నాన్నకీ నువ్వే చెప్పు. నాన్న రెండు రోజులు ముభావంగా ఉంటాడు, అమ్మ ఏడుస్తుంది, మూడో రోజు నుంచి ఇద్దరూ నిన్ను సముదాయిస్తారు. చుట్టాల నోట విన్నారంటే మాత్రం వాళ్లకి ఉద్యోగం పోయినందుకు కాదు, దాచినందుకు బాధ. చెప్పేటప్పుడు ఎనిమిది నెలల లెక్క కూడా చెప్పు, పెద్దవాళ్లకి ధైర్యం అక్కడ దొరుకుతుంది.

పొద్దున లేచే టైమ్ మారనివ్వకు. పాపని వ్యాను ఎక్కించే పని ఇకనుంచి నీది. తర్వాత ఓ గంట నడక. పది నుంచి ఒంటి గంట దాకా ఉద్యోగం వేట, మధ్యాహ్నం రెండు గంటలు చదువు, నాలుగింటికి ల్యాప్‌టాప్ మూసెయ్. రోజంతా ఉద్యోగాల సైట్లు చూస్తూ కూర్చుంటే పని జరిగినట్టు అనిపిస్తుంది, జరగదు. ఆదివారం పూర్తిగా సెలవు.

పనితీరు బాగోక తీశారేమో అని నిన్న రెండుసార్లు అన్నావు. నీ టీమ్‌లో పదకొండు మందిని ఒకే రోజు తీశారు, ప్రాజెక్టే మూసేశారు. అందులో నీ తప్పు వెతకడం మానెయ్. వచ్చే నెల పెద్దమామయ్య వాళ్ల గృహప్రవేశానికి తప్పకుండా రా. ఎవరైనా అడిగితే, "మా ప్రాజెక్టు క్లోజ్ అయింది, వేరే చోట చూస్తున్నా, మీకు తెలిసిన కంపెనీల్లో ఉంటే చెప్పండి" అను, అంతే, ఇంకో వాక్యం అవసరం లేదు.

నిద్ర వరసగా పాడైనా, దేని మీదా ఆసక్తి లేకుండా పోయినా, పిచ్చి ఆలోచనలు వచ్చినా స్వాతికి చెప్పు, నాకు ఎన్నింటికైనా ఫోన్ చెయ్యి. 14416 అని ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఫోన్లో సేవ్ చేసుకో.

రెండు, మూడు వారాలు: మనుషులకి చెప్పడం

రెజ్యూమే రెండు పేజీలు దాటొద్దు. "టెస్టింగ్ చేశాను" అని రాయకు, సెలీనియంతో రిగ్రెషన్‌ని ఆటోమేట్ చేసి మూడు రోజుల పనిని ఆరు గంటలకి తెచ్చావు కదా, పై మూడో వరసలోపే అది కనపడాలి. నోటీస్ పీరియడ్ దగ్గర ఇమ్మీడియట్ జాయినర్ అని పెట్టు. మన ఐటీలో తొంభై రోజుల నోటీసుతో విసిగిపోయిన మేనేజర్లకి అది నిజంగా పెద్ద విషయం, నీ చేతిలో ఉన్న బలమైన పాయింట్ ఇప్పుడు అదే.

తర్వాత ఒక పట్టిక రాసుకో. పాత కంపెనీలో నీతో పనిచేసి వేరే చోటికి వెళ్లినవాళ్లు, ఇంజనీరింగ్ బ్యాచ్, మన చుట్టాల్లో ఐటీ వాళ్లు, బెంగళూరులో ఉన్న పిన్ని కొడుకుతో సహా. రోజుకి ఐదుగురు చాలు, అందరికీ ఒకే ఫార్వర్డ్ పంపొద్దు. ఒకప్పుడు నీతో పనిచేసినవాళ్లకి ఇలా రాయి:

"హాయ్ కిరణ్, బాగున్నావా? మా ప్రాజెక్టు మూసేయడంతో పోయిన వారం నా ఉద్యోగం పోయింది. ఆటోమేషన్ టెస్టింగ్‌లో ఆరున్నరేళ్ల అనుభవం, జావా, సెలీనియం, ఏపీఐ టెస్టింగ్. వెంటనే చేరగలను, హైదరాబాద్ అయితే మంచిది, బెంగళూరు అయినా సరే. మీ కంపెనీలో ఓపెనింగ్ ఉంటే రిఫర్ చెయ్యగలవా? లేకపోయినా పరవాలేదు, ఎవరిని అడగాలో చెప్పినా చాలు. రెజ్యూమే పెడుతున్నా."

పాత మేనేజర్ గారికి వేరేగా రాయాలి:

"సర్, నమస్తే. లేఆఫ్‌లో నా పొజిషన్ పోయింది. మీ దగ్గర పనిచేసిన రెండేళ్లలో నేర్చుకున్నదే నాకు ఇప్పటికీ పనికొస్తోంది. ఈ వారంలో మీకు వీలైనప్పుడు పది నిమిషాలు మాట్లాడొచ్చా? నా రెజ్యూమేలో ఏం మార్చాలో మీరు చెబితే చాలు. రిఫరెన్స్‌గా మీ పేరు ఇవ్వొచ్చా అని కూడా అడగాలనుకున్నాను."

రిఫరల్ అడగడం అడుక్కోవడం కాదురా, చాలా కంపెనీల్లో రిఫర్ చేసినవాళ్లకి బోనస్ కూడా ఇస్తారు. జవాబు రాకపోతే వారం తర్వాత ఒక్కసారి గుర్తు చెయ్యి, ఆ తర్వాత వదిలెయ్.

డబ్బు కడితే ఉద్యోగం అన్నవాళ్లని, రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఎక్కువ చూపిద్దాం అన్న కన్సల్టెన్సీలని దగ్గరికి రానివ్వకు. ఏ కంపెనీలో ఎప్పుడు చేరావో, ఎప్పుడు మానేశావో పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో ఉంటుంది, వెరిఫికేషన్‌లో దొరికిపోతారు. ఆన్‌లైన్‌లో ఎవరైనా డబ్బు గుంజితే వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి.

నాలుగో వారం

ఈ వారానికి ఒకటి రెండు ఇంటర్వ్యూలు వచ్చి ఉండాలి. రాకపోతే రెజ్యూమే మార్చు. వచ్చి మొదటి రౌండ్లోనే ఆగిపోతుంటే జావా ప్రాక్టీసుకి గంట పెంచు. ఎంత తక్కువ జీతానికైనా ఒప్పుకోవచ్చన్న ఆలోచన ఈ టైమ్‌లోనే వస్తుంది, అందుకే ముందే స్వాతి, నువ్వు ఒక అంకె అనుకోండి. నా ఉద్దేశంలో చేతికి 85,000, మూడో నెల దాకా దానికి తగ్గొద్దు. కాంట్రాక్టు ఉద్యోగమైనా పీఎఫ్ కడితే, పని నీ లైన్లోదే అయితే తీసుకో.

నెలాఖరు ఆదివారం సాయంత్రం ఇంటికి రండి, పాపని కూడా తీసుకురండి. ఖర్చుల షీటు, మాట్లాడినవాళ్ల పట్టిక, సెటిల్‌మెంట్ కాగితం పట్టుకొస్తే రెండో నెలకి ముగ్గురం కూర్చుని రాద్దాం. హెచ్‌ఆర్‌కి పంపే మెయిల్ మాత్రం రేపు పదింటికల్లా రాసి, పంపే ముందు నాకు చూపించు.