పువ్వు పెట్టిన మాట

నాంచారవ్వ పెట్టిన షరతు ఒకటే. అడిగినంత సేపు నోరు ఇస్తుంది, చేతులు మాత్రం ఇవ్వదు. సంతకు గంపలు పోవాలి. అందుకే ఈత బరిగె వంచినప్పుడల్లా టక్కుమనే చప్పుడు రికార్డర్‌లో పడుతోంది. హేమలత మైకును అవ్వ పైటకు తగిలించి, హెడ్‌ఫోన్ చెవికి పెట్టుకుని, పోనీలే అనుకుంది.

మైదుకూరు దాటాక ఒక ఊరి చివర ఎరుకల వాడ అది. అందులో కుర్రు బాసలో కథ ఎత్తుకుని చివరిదాకా చెప్పగలిగిన మనిషి ఇప్పుడు అవ్వ ఒక్కతే. వేరే చోట్ల ఆ బాస మాట్లాడేవాళ్లు ఉన్నారని హేమలత చెప్తే అవ్వ కొట్టిపారేసింది. వాళ్లది వాళ్లదేనట, తన అమ్మ మాట వేరేనట. కొడుకులకు తిట్లూ అంకెలూ వచ్చు. మనవళ్లకు తిట్లు కూడా తెలుగులోనే.

"ఈ కాయితం నిండా పూలేంది పాపా?"

అవ్వకు చదువు రాదు. కానీ నోట్‌బుక్‌లో ఏ వరుస ఎక్కడుందో గంప అల్లిక చూసినంత శ్రద్ధగా చూస్తుంది.

"పూలు కాదవ్వా, నక్షత్రం గుర్తు. బాసలో ఎవరూ అనని మాటకు ముందు పెడతాం."

"అంటే తప్పు మాట."

"ఊఁ, అట్లాంటిదే."

"యాది, ఈ పువ్వు పెట్టిండేది చదువు."

హేమలత చదివింది. అవ్వ మొన్న చెప్పిన కథలోదే. కొడుకు తల్లితో మాట చెప్పి పొద్దుటూరు పోతాడు. తెలుగులోకి తెస్తే, వాడు తను రేపు వస్తానన్నాడు అని. అవ్వ బరిగె ఆపలేదు గానీ నవ్వింది.

"దాంట్లో తప్పేముంది?"

తప్పు అని కాదు, హేమలత నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టింది. 'తను' అన్నప్పుడు క్రియ 'వస్తాడు' అని ఉండాలి కదా, 'వస్తాను' అనేది 'నేను'తో వచ్చే రూపం కదా. తెలుగులో ఇట్లా కలిపేస్తాం. ఇంతకాలం తెలుగు మధ్య బతికి, ఆ అలవాటు అవ్వ బాసలోకి వచ్చుంటుంది. అసలు రూపం పక్కనే రాసుకుంది, 'వస్తాడు'తో. దానికి పువ్వు లేదు.

ఫోన్లో థీసిస్ గైడు కూడా అదే అన్నారు. తెలుగు ప్రభావం, ఒక ఫుట్‌నోట్ వేసేయ్ అని. గైడుకు ఫుట్‌నోట్లంటే ఇష్టం. తేలని లెక్కలన్నీ అక్కడికే పంపిస్తారు.

అవ్వ గంప పక్కన పెట్టింది. షరతు ఆమే తప్పింది.

"ఇంటాండావా? 'వస్తాడు' అంటే వచ్చేది ఇంకోడు. వాడి అన్నో, బావో. 'వస్తాను' అంటేనే వాడు. ఆ తల్లి రెండోనాడు కూడొండి పెట్టుకోని ఎవరి కోసరం కూచున్యాది? కొడుకు కోసరం. నువ్వు రాసినట్లయితే యా బావ కోసరమో కూచున్యట్లు. కతే చెడిపాయ."

"తెలుగులోనూ అంతే గదవ్వా. అందుకే అక్కడి నుంచి వచ్చిందేమో అని."

"మాయమ్మకు తెలుగేడ వచ్చు? గంపలమ్మా గంపలు, సోదమ్మ సోది, అంతే వచ్చు. ఈ కత నాకు చెప్పిందే మాయమ్మ. మీరే మా కాడ నేర్చుకున్యారేమో, ఎవురు జూసినారు?"

హేమలతకు దానికి జవాబు లేదు. పైగా అవ్వకు తెలియని సాక్ష్యం ఆమె బ్యాగులోనే ఉంది. తమిళంలోనూ కొందరు ఇలాగే అంటారని వచ్చిన వ్యాసం ప్రింటవుట్. కుర్రు బాసకు తమిళం దగ్గరి చుట్టం. గ్రియర్సన్ 1906లో అచ్చు వేసిన భారతదేశ భాషల సర్వే నాలుగో సంపుటంలో దీన్ని తమిళం గుంపులోనే పెట్టాడు. అంటే తెలుగు నుంచి రావలసిన అవసరమే లేదు. ఆ మాట అవ్వకు చెప్పింది, సంతోషపడుతుందని.

"అరవమా! మాది అరవమెందుకయితాది? తిరపతిలో అరవమోళ్లు మాట్లాడతాంటే నాకు సగం గూడా తెల్దు."

"చుట్టరికం అంటున్నా అవ్వా, అదే అని కాదు."

"చుట్టాలయితే సగమన్నా తెలుస్తాది." ఆ సర్వేకోసం ప్రతి బాసలోనూ బైబిల్లోని తప్పిపోయిన కొడుకు కథనే చెప్పించారని విని ఇంకా మండిపడింది. "తండ్రి బతికుండగానే వాటా ఇయ్యమంటాడా వాడు? మా దాంట్లో ఆ మాట ఎట్ల పలికించినారో!"

కోడలు ఇంతలో సంగటి ముద్దలూ ఊరిబిండీ తెచ్చి పెట్టింది. తింటూ ఉండగా అవ్వ మాట తండ్రి మీదికి పోయింది. పొద్దుగుంకితే స్టేషన్లో హాజరు వేయించుకుని అక్కడే పండుకునేవాడట. దొంగజాతి చట్టం 1952లో పోయింది గానీ, పోయిందని వాడకు ఎవరూ చెప్పలేదంటుంది అవ్వ. బజార్లో బాస మాట్లాడితే అమ్మ వీపు మీద చరిచేది. నోరు తెరిస్తే పోలీసోడికి ఎవురో తెల్సిపోతాదని. తన కొడుకులకు తనూ అదే చేసింది. హేమలత హెడ్‌ఫోన్ తీసేసింది, రికార్డర్ మాత్రం ఆపలేదు. ఆపాలా వద్దా అని అడిగితే, "ఉండనీలే, ఆ పోలీసోళ్లంతా సచ్చినారు" అంది అవ్వ చెయ్యి కడుక్కుంటూ.

మళ్లీ నోట్‌బుక్ తెరిచారు. ఈసారి పువ్వు లేని వరుసలన్నీ చదవమంది. హేమలత చదువుతుంటే అవ్వ తలూపుతూ వచ్చి ఒకచోట చెయ్యెత్తింది.

"దీనికి పెట్టు పువ్వు."

ఆ దెబ్బ ఊహించని చోట తగిలింది. అది సొంతవాళ్లతో కాకుండా పెద్దలతో మాట్లాడేటప్పుడు వాడే రూపం. మూడో అధ్యాయం మొత్తం దాని మీదే ఉంది.

"ఇది నువ్వే చెప్పినావు గదవ్వా. రికార్డింగ్ ఉంది, వినిపించనా?"

"నేనే చెప్పినా. అది మా ఇంటాయన మాట. వాళ్లు ఆత్మకూరు తట్టు నుంచి వచ్చినోళ్లు, వాళ్లట్లంటారు. ఆయనతో కాపురం జేసి నాకూ పట్టింది. మాయమ్మ ఇంటే దవడ పగలగొడతాండె."

"మరి ఆ రోజు ఎందుకు సరే అన్నావు?"

"నువ్వు పది మాట్లు అడిగినావు, బస్సుకు టైమయితాందని వాచీ జూస్తాంటివి. ఔనన్యా."

హేమలత పెన్ను పట్టుకుని అట్లాగే కూర్చుంది. ఈ రూపం తప్పని చెప్పేదీ అవ్వే, సరైనదని చెప్పిందీ అవ్వే. ఇంకొకరిని అడుగుదామంటే వాడలో అడగడానికి మనిషి లేదు. అదే అంది, కొంచెం విసుగ్గానే.

"అడిగేదానికెందుకు? నాకు తెల్దా నాది యాదో, అరువు తెచ్చుకున్యది యాదో?"

చివరికి రెండూ రాసింది. ఒకదాని పక్కన 'తల్లి ఇల్లు', ఇంకోదాని పక్కన 'భర్త ఇల్లు'. కథలోని వాక్యం ముందున్న గుర్తును కొట్టేసి, తను తయారు చేసిన దాని ముందు పెట్టింది. ఏ వరుస ముందు ఏం గీస్తోందో అవ్వ వేలు పెట్టి సరిచూసుకుంది.

"ఇంగ నువ్వు చెప్పు. నేను ఇంటా."

"నేనా?"

"ఇన్నాళ్లు నన్ను అడిగితివి గదా."

హేమలత గొంతు సవరించుకుంది. రూపాలన్నీ మనసులో వరుసగా పెట్టుకుని, నేర్చుకున్నదంతా కూడదీసుకుని, ఒక్కో పదం ఆచితూచి కుర్రు బాసలో చెప్పింది. నాంచారవ్వ తను రేపు మైదుకూరు వస్తానంది, అని.

అవ్వ కళ్లు చికిలించి విన్నది. ఇంకోసారి చెప్పించుకుంది. కోడలు వాకిట్లోంచి తొంగి చూసింది.

"మాట సరింగానే ఉంది," అంది అవ్వ గంప ఒళ్లోకి లాక్కుంటూ. "కానీ నేనట్ల అన్లేదు. రేపు నాకు మోకాళ్లకు సూదేపిచ్చుకునే పనుంది. కొట్టెయ్."