ఉష్ణగతిక శాస్త్రం, పాఠం 6: విశిష్టోష్ణం, ఎంథాల్పీ, ఎంట్రోపీ

మెకానికల్ రెండో సంవత్సరం. తెలుగు అనువాదం, అనువాద గమనికలతో.

పాఠంలోకి వెళ్లేముందు ఒక మాట సంగతి తేల్చుకోవాలి: వేడి. "నీళ్లు వేడిగా ఉన్నాయి" అన్నప్పుడు మనం చెప్పేది ఉష్ణోగ్రత గురించి. "పొయ్యి వేడి తగులుతోంది" అన్నప్పుడు ఉష్ణం గురించి. ఇంట్లో ఒక్క మాటతో రెండూ నడిచిపోతాయి, లెక్కలో నడవవు. అందుకే ఈ పాఠంలో Q అంటే ఉష్ణం, T అంటే ఉష్ణోగ్రత. "వేడి" అనే మాటను లెక్కల్లోకి రానివ్వలేదు.

ఉష్ణోగ్రతలో తేడా ఉన్నందువల్ల వ్యవస్థ సరిహద్దు దాటే శక్తే ఉష్ణం. దాటాక అది అంతర్గత శక్తి U లో కలిసిపోతుంది. కాబట్టి "ఈ నీళ్లలో 500 కిలోజౌళ్ల ఉష్ణం ఉంది" అని రాస్తే తప్పు.

ఉష్ణధారణ, విశిష్టోష్ణం

వస్తువు ఉష్ణోగ్రతను 1 కెల్విన్ పెంచడానికి కావలసిన ఉష్ణం దాని ఉష్ణధారణ (kJ/K). అదే 1 కిలోకు చెబితే విశిష్టోష్ణం (kJ/kg·K).

అనువాద గమనిక: "ఉష్ణ సామర్థ్యం" అనే మాటను కావాలనే వదిలేశాం. మన బడి పుస్తకాల్లో పనిచేసే రేటును, అంటే వాట్లలో కొలిచేదాన్ని, సామర్థ్యం అన్నారు. రెండూ కలిస్తే ప్రమాణాల దగ్గరే విద్యార్థి తడబడతాడు. "ధారణ"కూ లోపం లేకపోలేదు, వస్తువు ఉష్ణాన్ని పట్టి ఉంచుకుంటుందన్న భ్రమ కలిగిస్తుంది. సైకిల్ పంపు మూతి నొక్కిపెట్టి గబగబా కొడితే గొట్టం కాలుతుంది కదా. అక్కడ గాలికి బయటి నుంచి ఉష్ణం అందలేదు, పని వల్లే ఉష్ణోగ్రత పెరిగింది.

చిన్న లెక్క. 15 లీటర్ల గీజర్, 2 కిలోవాట్ల కాయిల్. నీళ్లు 25 °C నుంచి 60 °C కు రావాలి.

```
Q = m c ΔT = 15 × 4.18 × 35 = 2194.5 kJ
t = 2194.5 / 2 = 1097 s
```

అంటే 18 నిమిషాల పైచిలుకు. ట్యాంకు లోహం కూడా కాగాలి, గోడల గుండా కొంత పోతుంది కాబట్టి నిజంగా ఇంకొంచెం ఎక్కువే పడుతుంది.

వాయువులకు ఒక్క విశిష్టోష్ణం చాలదు. గది ఉష్ణోగ్రత దగ్గర గాలికి cp = 1.005, cv = 0.718 kJ/kg·K. పీడనం స్థిరంగా ఉంచి ఉష్ణం ఇస్తే వాయువు వ్యాకోచించి పిస్టన్‌ను నెడుతుంది. ఆ పనికి అయ్యే అదనపు ఖర్చే ఈ తేడా, R = 0.287.

ఎంథాల్పీ

```
H = U + pV
```

నిర్వచనం ఇంతే. తక్కిన తికమకంతా దీన్ని "వస్తువులోని మొత్తం ఉష్ణం" అని చదవడం వల్ల వచ్చింది. పాత పుస్తకాల్లో ఆ అర్థమిచ్చే పేరే ఉండేది. అందుకే ఇక్కడ తెలుగు మాట కల్పించకుండా ఎంథాల్పీ అనే ఉంచాం.

pV ఎందుకు కలపాలో నీటి మరుగుదల దగ్గర తేలిగ్గా తెలుస్తుంది. 1 అట్మాస్ఫియర్ పీడనం వద్ద 1 కిలో నీరు 100 °C దగ్గర పూర్తిగా ఆవిరి కావడానికి 2257 కిలోజౌళ్లు కావాలి. ఘనపరిమాణం సుమారు 0.001 నుంచి 1.673 ఘనపు మీటర్లకు పెరుగుతుంది. చుట్టూ ఉన్న గాలిని అంత దూరం నెట్టడానికి అయ్యే పని 101.325 × 1.672, అంటే దాదాపు 169 కిలోజౌళ్లు. మిగిలిన 2088 అంతర్గత శక్తికి చేరింది. ఈ రెంటినీ విడివిడిగా రాయకుండా Δh = 2257 అని ఒక్క అంకెలో పట్టుకోవడానికే ఎంథాల్పీ. టర్బైన్, కంప్రెసర్, నాజిల్ వంటి ప్రవాహ యంత్రాల్లో ద్రవ్యాన్ని లోపలికి తోసే పని కూడా pv రూపంలోనే వస్తుంది. అందుకే ఆవిరి పట్టికల్లో h కు ప్రత్యేకంగా ఒక వరుస ఉంటుంది.

ఇక పరీక్ష పేపర్లలో తరచూ కనిపించే తప్పు. ΔH = Q అన్నది సంవృత వ్యవస్థలో, పీడనం స్థిరంగా ఉండి, సరిహద్దు పని తప్ప వేరే పని లేనప్పుడే నిజం. దీన్ని గుర్తుపెట్టుకున్నవాళ్లు మళ్లీ అటు చివరకు పోతారు: "కంప్రెసర్‌లో పీడనం మారుతోంది, కాబట్టి cp వాడకూడదు" అని cv వేస్తారు. cp లోని చిన్న p దాన్ని కొలిచే పద్ధతిని చెబుతుంది, వాడే చోటును కాదు. ఆదర్శ వాయువు ఎంథాల్పీ ఉష్ణోగ్రత మీదే ఆధారపడుతుంది కాబట్టి, పీడనం ఎలా మారినా Δh = cp ΔT. ఉష్ణం బయటికి పోని కంప్రెసర్‌లో గాలి 300 K నుంచి 450 K కు చేరితే కిలోకు కావలసిన పని 1.005 × 150 = 150.8 కిలోజౌళ్లు. cv వేస్తే 107.7 వస్తుంది. ఆ అంకెను నమ్మి మోటారు ఎంచుకుంటే అది చాలదు.

ఎంట్రోపీ

ఈ పేరు 1865లో క్లాసియస్ పెట్టాడు. మార్పు అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి, ఎనర్జీకి దగ్గరగా వినిపించేలా మలిచాడు. తెలుగులో "క్రమరాహిత్యం" అని రాయడం అలవాటైపోయింది. దాంతో గది చిందరవందరగా ఉంటే ఎంట్రోపీ ఎక్కువని సమాధానాలు వస్తాయి. ఆ పోలికతో ఒక్క లెక్కా తెగదు. ఇంజనీరుకు పనికొచ్చేది ఇది:

```
dS = δQ_rev / T
```

కింద ఉన్న rev ను మింగేయొద్దు. అది ఉత్క్రమణీయ మార్గంలో ఇచ్చిన ఉష్ణం. నిజంగా జరిగిన ప్రక్రియ ఉత్క్రమణీయం కాకపోతే, అవే తొలి, తుది స్థితుల మధ్య ఉత్క్రమణీయ మార్గం ఒకటి ఊహించి దాని మీద లెక్కకట్టాలి. S స్థితి ప్రమేయం కాబట్టి జవాబు మారదు.

80 °C నీరు 1 కిలో, 20 °C నీరు 1 కిలో, ఉష్ణం బయటికి పోని పాత్రలో కలిపాం. తుది ఉష్ణోగ్రత 50 °C.

```
ΔS_hot  = 4.18 ln(323.15/353.15) = -0.371 kJ/K
ΔS_cold = 4.18 ln(323.15/293.15) = +0.407 kJ/K
ΔS      = +0.036 kJ/K
```

శక్తి లెక్కలో లాభనష్టాలు సరిపోయాయి, ఎంట్రోపీ లెక్కలో సరిపోలేదు. చల్లటి నీరు అందుకున్న ఉష్ణం వేడి నీరు ఇచ్చినంతే. అయితే అందుకున్నది తక్కువ T దగ్గర, అందుకే భాగఫలం పెద్దది. ఆ 0.036 మళ్లీ తగ్గదు, నీళ్లు వాటంతటవే విడిపోవు.

ఇదే లెక్కలో సెల్సియస్ అంకెలు వేస్తే 1.865 వస్తుంది, అసలుకు యాభై రెట్లకు పైగా. గుర్తు ధనాత్మకంగానే ఉంటుంది కాబట్టి తప్పు కంటపడదు కూడా. ΔT కి కెల్విన్ అయినా సెల్సియస్ అయినా ఒకటే. నిష్పత్తి, ln, లేదా T తో భాగహారం కనిపిస్తే మాత్రం కెల్విన్ తప్పనిసరి.

ఫ్రిజ్ వెనక ఉండే సన్నటి క్యాపిల్లరీ గొట్టం దగ్గర మూడు రాశులూ కలుస్తాయి. అందులోంచి వెళ్లే శీతలకానికి ఉష్ణం దాదాపు అందదు, పని లేదు, h మారదు. అయినా ఉష్ణోగ్రత బాగా పడిపోతుంది, ఎందుకంటే పీడనం తగ్గగానే ద్రవంలో కొంత భాగం ఆవిరై, దానికి కావలసిన శక్తిని మిగతా ద్రవం నుంచే లాగుతుంది. అక్కడ Δh = cp ΔT వేస్తే లెక్క చెడుతుంది: దశ మారుతోంది, పైగా అది ఆదర్శ వాయువు కాదు. Q సున్నా కదా అని Δs కూడా సున్నా అనొద్దు. ఆ ప్రక్రియ ఉత్క్రమణీయం కాదు, s పెరుగుతుంది.

అభ్యాసం. 400 °C ఉన్న 5 కిలోల ఇనుప దిమ్మెను 25 °C లోని 20 కిలోల నీటిలో ముంచారు. ఇనుముకు c = 0.45, నీటికి 4.18 kJ/kg·K. పరిసరాలకు పోయే ఉష్ణం, పుట్టే ఆవిరి లెక్కలోకి తీసుకోవద్దు. తుది ఉష్ణోగ్రత, మొత్తం ఎంట్రోపీ మార్పు కనుక్కోండి.

జవాబు: 34.8 °C, +0.95 kJ/K. మీకు రుణాత్మకం వస్తే, ముందు నీటి పదంలో ln లోపలి నిష్పత్తి తలకిందులైందేమో చూడండి.