సవరణ: జూన్ సంచికలో ఉప్పు, పంచదార కొలతలు తారుమారయ్యాయి

మా జూన్ సంచిక 34వ పేజీలో, పిల్లల విరేచనాల గురించిన వ్యాసం పక్కన ఉన్న బాక్సులో ఇంట్లో తయారు చేసుకునే ఓఆర్ఎస్ కొలత తప్పుగా అచ్చయింది. ‘లీటరు నీటికి ఆరు చెంచాల ఉప్పు, అర చెంచా పంచదార’ అని వేశాం. అది తప్పు.

సరైన కొలత ఇది: కాచి చల్లార్చిన లీటరు నీటికి ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. చెంచా అంటే 5 మిల్లీలీటర్లది, గోపురంగా కాకుండా అంచుకు సమంగా తీసినది.

ఇది అచ్చుతప్పే కదా అని వదిలేసేది కాదు. మేం వేసిన లెక్కన కలిపితే ఉండాల్సిన దానికి పన్నెండు రెట్లు ఉప్పు పడుతుంది. అంటే దాదాపు సముద్రపు నీరే. అసలే ఒంట్లో నీరు తగ్గిన బిడ్డకు అది పడితే రక్తంలో సోడియం పెరిగిపోయి మెదడు మీద దెబ్బ పడుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. ఆ కొలతతో కలిపింది ఉంటే పారబోయండి. ఇప్పటికే తాగించి ఉంటే బిడ్డ బాగానే కనిపిస్తున్నా ఆగకుండా డాక్టరుకు చూపించి, ఏం కలిపారో, ఎంత తాగించారో చెప్పండి. విపరీతమైన దాహం, చిరాకు, మగత, ఫిట్స్ కనిపిస్తే 108కి ఫోన్ చేయండి.

సరిగ్గా కలిపిన నీళ్లు కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదు. పట్టే ముందు ఒక్క చుక్క మీరే రుచి చూడండి. మిగిలింది 24 గంటల తర్వాత వాడొద్దు. తల్లిపాలు మాత్రం ఆపొద్దు.

అదే బాక్సులో మరో తప్పు కూడా ఉంది. ఓఆర్ఎస్ ప్యాకెట్‌ను ‘గ్లాసు నీటిలో’ కలపమన్నాం. షాపులో లీటరుకు సరిపోయే పెద్ద ప్యాకెట్లూ, 200 మిల్లీలీటర్ల చిన్నవీ దొరుకుతాయి కాబట్టి ప్యాకెట్ మీద ఎంత నీరు రాసి ఉంటే అంత నీటిలో మొత్తం పొడి ఒకేసారి కలపాలి. ప్యాకెట్ దొరికితే ఇంటి కొలత కంటే అదే మేలు. అందులో పొటాషియం కూడా ఉంటుంది, ఉప్పు పంచదార నీళ్లలో అది ఉండదు.

వ్యాసం రాసిన డాక్టరు గారి రాతప్రతిలో అంకెలు సరిగానే ఉన్నాయి. పేజీ కట్టేటప్పుడు మా దగ్గరే తారుమారయ్యాయి, ప్రూఫు చూసినప్పుడూ పట్టుకోలేదు. ఇకపై మందులు, మోతాదులు, కొలతలు ఉన్న పేజీ అచ్చుకు వెళ్లే ముందు రాసినవారికే మళ్లీ చూపిస్తాం.

ఆ పేజీ కత్తిరించి వంటింట్లో అంటించుకున్నవారు దయచేసి తీసేయండి. ఫొటో తీసి వాట్సాప్‌లో పంపినవారు ఈ సవరణను కూడా అదే గ్రూపుల్లో పెట్టండి. పాఠకులకు, డాక్టరు గారికి క్షమాపణలు.

సంపాదకుడు