హైపో గోదాములో పనిచేసేవాళ్ళ కోసం: ఎస్‌డీఎస్ సారాంశం

సరుకు: సోడియం హైపోక్లోరైట్ ద్రావణం, 10–12 శాతం. మనం పిలిచే పేరు హైపో.
లేబుల్ మీద నంబర్: యూఎన్ 1791, క్లాస్ 8 (తాకినదాన్ని తినేసే రకం ద్రవం)
ఎక్కడ ఉంటుంది: విజయవాడ ఆటోనగర్ గోదాము, బే 4. 50 కిలోల నీలం కార్బాయ్‌లు, వెయ్యి లీటర్ల ట్యాంకులు.
ఎవరి కోసం: హమాలీలు, ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్లు, స్టోర్ అసిస్టెంట్లు, సెక్యూరిటీ, లారీ డ్రైవర్లు, క్లీనర్లు

సరుకుతో వచ్చిన ఎస్‌డీఎస్‌లో, అంటే ఆ సరుకు ప్రమాదాలూ జాగ్రత్తలూ చెప్పే కాగితంలో, పదహారు సెక్షన్లున్నాయి, అన్నీ ఇంగ్లిషే. ప్రతి సరుకుకూ ఆ కాగితం ఉండాలని 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనలు చెబుతున్నాయి కాబట్టి అది ఫైల్‌లో ఉంది. కార్బాయ్ కారుతుంటే ఫైల్ తిరగేసేంత టైమ్ ఎవరికీ ఉండదు. అందుకని మన పనికి కావలసినంత మటుకు తెలుగులో రాశాను. షిఫ్ట్ మొదలయ్యే ముందు సూపర్‌వైజర్ దీన్ని చదివి వినిపించాలి. పూర్తి ఎస్‌డీఎస్ గేటు గదిలో, ఆకుపచ్చ ఫైల్‌లో ఉంటుంది.

ముందు ఈ ఒక్కటి గుర్తుంచుకోండి

హైపో యాసిడ్‌తో కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. దానికి టైమ్ పట్టదు, పోసిన క్షణంలోనే పొంగుతుంది. బే 4లో హైపో ఉంది, బే 7లో హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉంది. రెండూ నీలం కార్బాయ్‌లే, సైజు కూడా ఒకటే. ఈ గోదాములో నాకు నిజంగా టెన్షన్ పెట్టే విషయం ఇదే. కార్బాయ్ రంగు చూసి సరుకు గుర్తుపట్టడం మానేయండి. లేబుల్ చదవండి. చదవడం రానివాళ్ళు 1791 అనే అంకెల కోసం చూడండి. లేబుల్ చిరిగిపోయినా, తడిసి అక్షరాలు పోయినా ఆ కార్బాయ్‌ని ఎవరూ కదపొద్దు. మూత తీసి వాసన చూసి తేల్చుకునే అలవాటు కొందరికి ఉంది, దాన్ని ఈ రోజుతో వదిలేయండి.

ఏం చేస్తుంది

చర్మాన్ని కాలుస్తుంది. హైపోకి క్షారగుణం ఎక్కువ కాబట్టి తాకిన చోట సబ్బు పూసినట్టు జారుతుంది. మంట తర్వాత మొదలవుతుంది. "ఏం కాలేదులే" అనుకుని పని కొనసాగిస్తే లోపల కాలుతూనే ఉంటుంది.

కంట్లో పడితే చూపు పోవచ్చు. ఎస్‌డీఎస్‌లో అన్నిటికంటే గట్టిగా రాసిన హెచ్చరికల్లో ఇదొకటి.

ఆవిరి పీలిస్తే గొంతు పట్టేస్తుంది, దగ్గు వస్తుంది, ఛాతీ బిగుసుకుంటుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ సంగతి సూపర్‌వైజర్‌కి ముందే చెప్పండి. వాళ్ళకి బే 4 డ్యూటీ వెయ్యం, కూలీ కోత ఉండదు.

హైపో తనంతట తాను మండదు, కానీ గుడ్డ, చెక్క, కాగితం లాంటివాటిని వేడెక్కించి మంటకు సాయపడుతుంది. కాలవలోకి పోతే చేపలు చస్తాయి. లేబుల్ మీద చచ్చిన చేప బొమ్మ వేసేది అందుకే.

కలపకూడనివి, దగ్గర పెట్టకూడనివి

యాసిడ్ సంగతి చెప్పాను. టాయిలెట్ కడిగే లిక్విడ్లలో చాలావాటిలో ఉండేది కూడా యాసిడే. బాత్రూమ్ బాగా తెల్లబడుతుందని రెండూ కలిపి పోసేవాళ్ళున్నారు. ఇక్కడే కాదు, ఇంట్లో కూడా వద్దు. పటిక నీళ్ళకి కూడా ఆమ్లగుణం ఉంటుంది కాబట్టి దాన్నీ దూరంగానే ఉంచండి.

అమ్మోనియాతో కలిస్తే క్లోరమైన్ అనే ఇంకో విషపు గ్యాస్ వస్తుంది. యూరియా బస్తాలు, అమ్మోనియా కలిసిన క్లీనింగ్ లిక్విడ్లు బే 4 దరిదాపుల్లోకి రాకూడదు.

ఇనుము, రాగి, అల్యూమినియం తగిలితే హైపో త్వరగా విరిగిపోతుంది, లోహం కూడా పాడవుతుంది. ఇనుప బకెట్లు, ఇత్తడి కుళాయిలు, జీఐ పైపులు వాడొద్దు. ప్లాస్టిక్ సామాను మాత్రమే వాడండి.

ఎత్తడం, దించడం, పోయడం

గాగుల్స్, ముఖానికి షీల్డ్, మోచేతి దాకా రబ్బరు గ్లోవ్స్, పీవీసీ ఏప్రాన్, గమ్‌బూట్లు. ప్యాంటు కాళ్ళు బూటు బయటికి ఉండాలి. లోపలికి దోపుకుంటే కారిన హైపో నేరుగా పాదం మీదికి దిగుతుంది. తువ్వాలు ముక్కుకి కట్టుకున్నా, దుమ్ము మాస్కు పెట్టుకున్నా క్లోరిన్ ఆగదు. దానికి క్లోరిన్‌కి పనికొచ్చే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు కావాలి. అది స్టోర్ గదిలో ఉంది, ట్రైనింగ్ అయినవాళ్ళే వాడాలి. పెద్ద లీకుకి అదీ చాలదు.

కార్బాయ్‌ని దొర్లించొద్దు, భుజాన పెట్టుకోవద్దు. ఇద్దరు కలిసి ట్రాలీ మీద పెట్టి తీసుకెళ్ళండి. గొట్టం నోట్లో పెట్టి పీల్చి లాగే పద్ధతి అసలే వద్దు. చేతి పంపు ఉన్నది అందుకే. హైపో పోసిన పంపునీ గరాటునీ యాసిడ్‌కి వాడకూడదు. తేడా తెలియడానికి హైపో వాటికి తెల్ల టేపు, యాసిడ్ వాటికి ఎర్ర టేపు చుట్టించాం. టేపు ఊడిపోయిన పంపుని పక్కన పెట్టి చెప్పండి.

ఖాళీ కార్బాయ్ నిజంగా ఖాళీ కాదు, అడుగున ఎంతో కొంత మిగులుతుంది. దాంట్లో ఇంకో రసాయనం పట్టొద్దు. కడిగి ఇంట్లో నీళ్ళకి వాడదామని అడిగేవాళ్ళకి ఇవ్వొద్దు. సెక్యూరిటీ వాళ్ళు గేటు దగ్గర ఈ ఒక్క విషయంలో మొహమాటపడొద్దు.

పని అయ్యాక చేతులు కడుక్కున్నాకే అన్నం, టీ, బీడీ, గుట్కా. బే 4లో అవేవీ వద్దు.

నిల్వ

హైపో పెట్టెలో పెట్టి మరిచిపోయే సరుకు కాదు. ఎండ తగిలినా, వేడెక్కినా విరిగిపోతూ ఆక్సిజన్ వదులుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగితే విరిగే వేగం మూడు నాలుగు రెట్లు అవుతుంది. మే నెలలో విజయవాడ ఎండ సంగతి మీకు నేను చెప్పాలా! అందుకే మార్చి నుంచి జూన్ దాకా హైపో లారీలు ఉదయం పది లోపే దించాలి. ఆలస్యంగా వస్తే సాయంత్రం దాకా షెడ్డు నీడలో ఆపండి. ఎండలో యార్డులో దించి తర్వాత సర్దుదాంలే అనొద్దు.

మూతకి సన్నటి రంధ్రం ఉంటుంది. గ్యాస్ బయటికి పోయే దారి అది. కారుతోందని దాని మీద టేపు వేస్తే కార్బాయ్ ఉబ్బుతుంది. కిందటి వేసవిలో మన దగ్గరే ఒకటి గుమ్మడికాయలా ఉబ్బింది. చూస్తే మూత మీద మూడు వరసల టేపు. వేసినవాళ్ళు మంచికే వేశారు, కానీ అది పగిలి ఉంటే ముఖం మీదే పేలేది. ఉబ్బిన కార్బాయ్ కనిపిస్తే ముట్టుకోకండి, దూరం జరిగి సూపర్‌వైజర్‌ని పిలవండి.

కార్బాయ్‌లు నిలువుగా, రెండు వరసలకి మించకుండా, ప్లాస్టిక్ ప్యాలెట్ మీద పెట్టాలి. చెక్క ప్యాలెట్ మీద వద్దు. ముందొచ్చింది ముందు పోవాలి, పాత సరుకు బలం తగ్గిపోతుంది. బే 4 చుట్టూ ఉన్న గట్టు లోపల చెత్త, అట్టలు, పాత గుడ్డలు ఉండకూడదు. గట్టు దగ్గర ఉన్న డ్రెయిన్ మూత ఎప్పుడూ మూసే ఉండాలి. బే 7 కడిగిన నీళ్ళు పోయేది కూడా ఆ కాలవలోకే, రెండూ మన కంటికి కనపడకుండా లోపల కలుస్తాయి.

ఒలికితే

ఒక కార్బాయ్ లోపు అయితే: పక్కవాళ్ళని దూరం పంపండి, తలుపులు తెరవండి, పైన చెప్పిన సామాను అంతా వేసుకున్నవాళ్ళే దగ్గరికి వెళ్ళండి. పొడి ఇసుకతో గట్టు కట్టి పీల్పించండి. ప్లాస్టిక్ పారతో ఎత్తి మూత లేని ప్లాస్టిక్ డ్రమ్ములో వేయండి. చివరికి నేలని బాగా నీళ్ళతో కడగండి, ఆ నీళ్ళు డ్రెయిన్‌లోకి వదలొద్దు.

రంపపు పొట్టు వేయొద్దు, వేడెక్కి అంటుకోవచ్చు. క్షారం కదా, విరుగుడుగా కాస్త యాసిడ్ పోద్దాం అనే తెలివి ఎవరికైనా వస్తే అక్కడే ఆపండి. చాలా ప్రమాదాలు మొదలయ్యేది ఆ తెలివితోనే.

ట్యాంకు పగిలినా, పసుపు పచ్చగా పొగ కనిపించినా, ముక్కు మండే ఘాటు వాసన వచ్చినా అది మనం శుభ్రం చేసే పని కాదు. బయటికి వెళ్ళిపోవాలి.

గ్యాస్ వస్తే ఎటు వెళ్ళాలి

షెడ్డు మీది గాలిసంచి చూడండి. గాలి ఎటు నుంచి వస్తోందో అటు వెళ్ళండి. గాలికి ఎదురెళ్తే మధ్యలో గ్యాస్ అడ్డొచ్చేట్టుంటే, ముందు పక్కకి తప్పుకుని ఆ తర్వాత తిరగండి. అందరూ చేరాల్సిన మామూలు చోటు గేటు దగ్గరి కాటా. గాలి గ్యాస్‌ని కాటా వైపే తోస్తుంటే ఉత్తరం వైపు లారీ పార్కింగ్.

నిప్పు పొగలో కిందికి వంగి పాకాలని నేర్పారు. క్లోరిన్‌కి అది పనికిరాదు. ఈ గ్యాస్ గాలి కంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు, నేలబారునే పాకుతుంది. నిలబడే నడవండి. గోతిలోకి, పిట్‌లోకి దిగకండి. పడిపోయినవాడిని చూసి మాస్కు లేకుండా లోపలికి పరిగెత్తొద్దు, పడేవాళ్ళు ఇద్దరవుతారు. కాటా దగ్గర హాజరు పుస్తకం పట్టుకుని మనుషుల్ని లెక్కపెట్టే బాధ్యత సెక్యూరిటీది. 112కి ఫోన్ చేయండి, ఫైర్‌కి 101. "హైపోక్లోరైట్, యూఎన్ 1791, ఎంత ఒలికింది, ఎవరికైనా దెబ్బ తగిలిందా" అని ఈ వరసలో చెప్పండి.

దగ్గర్లో మంటలు లేస్తే: స్తంభానికి తగిలించిన ఎర్ర ఏబీసీ పౌడర్ సిలిండర్ హైపో మీద కొట్టొద్దు. ఆ పొడిలో అమ్మోనియం ఉప్పు ఉంటుంది. నీళ్ళే వాడాలి. కార్బాయ్‌లని దూరం నుంచి నీళ్ళతో చల్లబరచండి, దగ్గరికి వెళ్ళొద్దు.

మనిషికి తగిలితే

*కంట్లో:* ఐ వాష్ దగ్గరికి చేయి పట్టుకుని తీసుకెళ్ళండి, వాళ్ళకి దారి కనపడదు. రెప్పలు వేళ్ళతో తెరిచి పట్టుకుని, కనీసం 15–20 నిమిషాలు ఆపకుండా నీళ్ళు. గడియారం చూసి లెక్కపెట్టండి. తల్లిపాలు, ఆముదం, గులాబీనీళ్ళు ఏవీ వద్దు. తర్వాత వెంటనే ఆసుపత్రికి.

*ఒంటి మీద:* షవర్ కింద నిలబెట్టి, నీళ్ళు పడుతుండగానే బట్టలు, బూట్లు తీసేయండి. ఇదీ 15–20 నిమిషాలు. ఆడవాళ్ళకి తెర పట్టేందుకు షవర్ పక్కనే టార్పాలిన్ పెట్టించాం, సిగ్గుతో ఆగిపోవద్దు. టూత్‌పేస్ట్, సున్నం, నిమ్మరసం రాయొద్దు.

*మింగితే:* వాంతి చేయించొద్దు. ఉప్పునీళ్ళు తాగించొద్దు, గొంతులో వేలు పెట్టొద్దు. దిగేటప్పుడు కాల్చింది, పైకి వచ్చేటప్పుడు మళ్ళీ కాలుస్తుంది. నోరు పుక్కిలించి ఉమ్మించండి. 108కి చేయండి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని విష సమాచార కేంద్రం టోల్ ఫ్రీ నంబర్ 1800 116 117, సలహా వాళ్ళని అడగండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు.

*పీల్చితే:* మంచి గాలిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టండి, నడిపించొద్దు. కాసేపట్లో తేరుకుని "బాగానే ఉంది, పనికెళ్తా" అంటారు. వినొద్దు. ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కొన్ని గంటల తర్వాత కూడా మొదలవచ్చు. ఆ రోజు కూలీ పూర్తిగా ఇస్తాం, ఆసుపత్రికి మాత్రం వెళ్ళాల్సిందే.

ఎవరిని పంపినా ఆకుపచ్చ ఫైల్‌లోని ఎస్‌డీఎస్ జిరాక్స్ ఒకటి చేతికిచ్చి పంపండి. డాక్టర్ ముందుగా అడిగేది ఏం తగిలిందనే. అయిదు జిరాక్సులు ఎప్పుడూ ఫైల్‌లో ఉండాలి, ఒకటి వాడితే మర్నాడే ఇంకోటి పెట్టండి.