ధర తగ్గించాలా? గానుగ నూనె యూనిట్‌కు బ్రేక్ ఈవెన్ లెక్క

మహబూబ్‌నగర్‌లో ఒక మహిళా సంఘం ఒకే గానుగతో పల్లి నూనె తీసి లీటరు సీసాల్లో అమ్ముతోంది. ఎమ్మార్పీ 336 రూపాయలు, నెలకు 750 లీటర్లు పోతున్నాయి. ‘315 చేస్తే ఇంకా పోతుంది’ అని కొనేవాళ్లు అంటున్నారు. ఒప్పుకోవాలా? లాభం గానీ నష్టం గానీ లేకుండా ఉండాలంటే నెలకు ఎన్ని లీటర్లు పోవాలో, అంటే బ్రేక్ ఈవెన్ ఎంతో చూస్తే తెలుస్తుంది.

ముందుగా జీఎస్టీ సంగతి. 336లో 5 శాతం పన్ను కలిసే ఉంది. 336ను 1.05తో భాగిస్తే 320. సంఘానికి మిగిలేది అంతే. చాలామంది 336తోనే లెక్క మొదలుపెట్టి అక్కడే తప్పుతారు.

లీటరు మీద పడే ఖర్చు

ఈ గానుగలో లీటరు నూనెకు రెండున్నర కిలోల పల్లి గింజలు పడతాయి. కిలో 110 చొప్పున 275 రూపాయలు. మిగిలిన చెక్క కిలోన్నర. పశువుల దాణాకు కిలో 40 చొప్పున పోతుంది కాబట్టి 60 తీసేయాలి. గింజల నికర ఖర్చు 215. సీసా, మూత, లేబుల్ 14. కరెంటు 4. గానుగ ఆడించే మనిషికి లీటరుకు 12. అట్టపెట్టె, ఆటో 5. మొత్తం 250.

ఆడించే మనిషికి నెల జీతం ఇస్తుంటే ఆ 12 ఇక్కడికి రాదు, స్థిర ఖర్చులో చేరుతుంది. ఏ ఖర్చయినా పేరును బట్టి కాదు, సరుకుతో పాటు పెరుగుతుందా లేదా అన్నదాన్ని బట్టి విడదీయాలి.

నెలకు స్థిర ఖర్చు

అద్దె 9,000, ఇద్దరి జీతాలు 24,000, యంత్రం తరుగుదల, అప్పు వడ్డీ కలిపి 5,500, ఫోను, లెక్కలు, పబ్లిసిటీకి 3,500. మొత్తం 42,000. కిస్తీలో అసలు భాగం ఖర్చు కాదు, ఇక్కడ కలపలేదు. చేతిలో డబ్బు సరిపోతుందా అన్నది వేరే లెక్క. అందులో మాత్రం అసలు కూడా రావాలి.

లెక్క

బ్రేక్ ఈవెన్ = స్థిర ఖర్చు ÷ (నికర ధర − లీటరు ఖర్చు)

నికర ధరలోంచి లీటరు ఖర్చు పోగా మిగిలేదే కంట్రిబ్యూషన్. ఇప్పుడది 320 − 250 = 70. 42,000 ÷ 70 = 600 లీటర్లు. ఆపైన అమ్మే 150 లీటర్లపై 70 చొప్పున లాభం 10,500. అమ్మకం 20 శాతం పడిపోయినా నష్టం రాదు.

| ఎమ్మార్పీ | నికర ధర | కంట్రిబ్యూషన్ | బ్రేక్ ఈవెన్ (లీటర్లు) | 10,500 లాభానికి (లీటర్లు) |
|---|---|---|---|---|
| 315 | 300 | 50 | 840 | 1,050 |
| 336 | 320 | 70 | 600 | 750 |
| 357 | 340 | 90 | 467 | 584 |

దీన్ని ఎలా చదవాలి

ఎమ్మార్పీ 315 చేస్తే నికర ధర తగ్గేది ఆరుంబావు శాతమే. కానీ కంట్రిబ్యూషన్ 70 నుంచి 50కి పడింది, అంటే దాదాపు 29 శాతం. పాత లాభం నిలవాలంటే అమ్మకం 40 శాతం పెరగాలి. అసలు చిక్కు గానుగ దగ్గర ఉంది. వాయికి 12 కిలోల గింజలు, రోజుకు 8 వాయిలు, నెలకు 25 రోజులు: 960 లీటర్లే వస్తాయి. 1,050 తీయడం ఈ గానుగకు సాధ్యం కాదు. తీసిన 960 లీటర్లూ అమ్ముడుపోయినా లాభం 6,000. బేరం బాగున్నట్టు కనిపిస్తుంది గానీ, పని 28 శాతం పెరిగి లాభం తగ్గుతుంది. కాబట్టి 315 వద్దు.

357 చేస్తే 166 లీటర్ల అమ్మకం, అంటే 22 శాతం, పోయినా పాత లాభానికి ఢోకా లేదు. అయితే ఎంతమంది రిఫైన్డ్ నూనెకు మళ్లుతారో ఈ లెక్క చెప్పదు. ఎన్ని లీటర్లు పోవాలో చెబుతుంది, ఎన్ని పోతాయో కాదు. నెలా రెండు నెలలు ఒక్క షాపులో పెంచి చూసి, ఆ అంకెను 22 శాతంతో పోల్చాలి.

తగ్గింపు ఇవ్వక తప్పకపోతే అయిదు లీటర్ల క్యాన్ మీద ఇవ్వండి. అయిదు సీసాలకు 70 అయితే క్యాన్‌కు 45. లీటరుకు 5 రూపాయలు మిగులుతాయి. నికర ధరలో ఆ మేరకు తగ్గించినా కంట్రిబ్యూషన్ 70 దగ్గరే ఉంటుంది.

ధర కన్నా ముందు భయపడాల్సింది గింజల రేటుకు. కిలోకు 6 రూపాయలు పెరిగితే లీటరుకు 15 పెరుగుతుంది. కంట్రిబ్యూషన్ 55 అవుతుంది, బ్రేక్ ఈవెన్ 764కు చేరుతుంది, 750 లీటర్లు అమ్మినా నెలకు 750 రూపాయల నష్టం. యాసంగి పంట మార్కెట్‌కు వచ్చి రేటు దిగినప్పుడే గింజలు కొని పెట్టుకుంటే ఇది కొంత తప్పుతుంది. అప్పుడు నిల్వకయ్యే వడ్డీ, తూకంలో తరుగు లీటరు ఖర్చులో కలపాలి.

అభ్యాసం: గింజలు కిలో 116, ఎమ్మార్పీ 357 అయితే బ్రేక్ ఈవెన్ ఎంత? (జవాబు: 42,000 ÷ 75 = 560 లీటర్లు.) చెక్క ధర కిలో 40 నుంచి 30కి కూడా పడితే మళ్లీ లెక్కకట్టండి. (జవాబు: 42,000 ÷ 60 = 700 లీటర్లు.)