గెడ్డపై కాలినడక వంతెనకు నియోజకవర్గ అభివృద్ధి నిధుల కోసం వినతి

గౌరవనీయులైన భీమిలి శాసనసభ్యుల వారికి,

అయ్యా,

మధురవాడలో మా కాలనీకీ మెయిన్ రోడ్డుకీ మధ్య గెడ్డ ఉంది. అవతల 410 కుటుంబాలు, సుమారు 1,600 మంది ఉంటున్నాం. అందులో బడి పిల్లలు 230 మంది. ఇప్పుడు దాటేది అడ్డంగా వేసిన రెండు పాత కరెంటు స్తంభాల మీద. వాన పడితే నాచు పట్టి జారతాయి. చుట్టూ తిరిగితే 1.8 కిలోమీటర్లు.

గతంలో తూములు వేసి మట్టి కప్పారు. కొండ నీటితో కొట్టుకొచ్చిన చెత్త తూములకు అడ్డుపడి, మొదటి పెద్ద వానకే గట్టు తెగింది. దయచేసి మళ్లీ తూములు వద్దు. మధ్యలో స్తంభం లేకుండా 16 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు ఉక్కు వంతెన కావాలి. అడుగుభాగం వరద గుర్తుకు మీటరు పైన ఉండాలి.

అంచనా: ఉక్కు పని 5 టన్నులు, బిగింపుతో రూ.6 లక్షలు, రెండు గట్ల కాంక్రీటు దిమ్మలు 4.5 లక్షలు, ర్యాంపులు 1.5 లక్షలు; ఎపాక్సీ పెయింటు 70 వేలు (ఉప్పుగాలికి మామూలు రంగు నిలవదు). 18 శాతం జీఎస్టీతో మొత్తం రూ.14.99 లక్షలు.

జీవీఎంసీ ఇంజినీర్లతో స్థల పరిశీలన చేయించి, నిధులు మంజూరు చేయగలరు. కొలతల స్కెచ్, ఫొటోలు, 312 సంతకాలు జతచేశాం.

ఇట్లు,
కాలనీ నివాసులు, మధురవాడ, విశాఖపట్నం